జర్మన్ విభాజ్య క్రియలు: వాక్యాంతంలో ఉపసర్గ నిలవడానికి కారణం

వ్యాససంగ్రహం:
జర్మన్ భాషలో కొన్ని క్రియలు ప్రధానవాక్యంలో రెండుగా విడిపోయి, వాటి ఉపసర్గ వాక్యం చివర కనిపిస్తుంది. ఉపసర్గ చివరికి వెళ్తుందని పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పే సూత్రం ఫలితాన్ని మాత్రమే వర్ణిస్తుంది. ఉపసర్గ కదలదనీ, దాని పక్కనుండే సమాపక క్రియ వాక్యంలో రెండో స్థానానికి వెళ్తుందనీ ఈ వ్యాసం ఆధారాలతో వివరిస్తుంది. క్రియాంత భాష అయిన తెలుగు మాట్లాడేవారికి ఈ వివరణ ఏ మేరకు ఉపకరిస్తుందో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విభాజ్య క్రియ, ఉపసర్గ, సమాపక క్రియ, వాక్యబంధం, పదక్రమం, క్రియాంత భాష, జర్మన్ బోధన.

1. ప్రవేశిక

కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతాల నుంచి ఉపాధి కోసం విదేశాలకు వెళ్లడం కొత్త కాదు. బాన్సువాడ వంటి పట్టణాలలో గల్ఫ్ దేశాలకు వెళ్లివచ్చినవారు లేని వీధి అరుదు. ఇటీవలి సంవత్సరాలలో ఈ దారికి జర్మనీ కూడా చేరింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ (టామ్‌కామ్) నర్సులకు జర్మన్ భాషాశిక్షణ ఇప్పించి అక్కడి ఆసుపత్రులకు పంపే కార్యక్రమాలు చేపట్టింది. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు పొందాలంటే సాధారణంగా బి2 స్థాయి భాషాపరిజ్ఞానం అవసరం. ఆ స్థాయికి చేరేలోగా అభ్యర్థులను బాగా తికమకపెట్టే వ్యాకరణాంశాలలో విభాజ్య క్రియ ఒకటి.

దాని ప్రభావం ఎంతో ఒక చిన్న ఉదాహరణ తెలుపుతుంది. వార్డులో రోగులను చూస్తూ వైద్యుడు చెప్పే రెండు వాక్యాలు ఇవి:

డేర్ ఆర్ట్స్ట్ జెట్స్ట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ ఆన్.
డేర్ ఆర్ట్స్ట్ జెట్స్ట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్.

డేర్ ఆర్ట్స్ట్ అంటే వైద్యుడు, హొయ్టె అంటే ఈరోజు, డీ టబ్లెట్టెన్ అంటే మాత్రలు. రెండు వాక్యాలలోనూ చివరి అక్షరం తప్ప తక్కినదంతా ఒకటే. మొదటిదానికి అర్థం ‘వైద్యుడు ఈరోజు మాత్రలు మొదలుపెడుతున్నారు’. రెండోదానికి అర్థం ‘వైద్యుడు ఈరోజు మాత్రలు ఆపేస్తున్నారు’. ఆన్‌జెట్సెన్ అంటే మందు ప్రారంభించడం, అప్‌జెట్సెన్ అంటే మందు నిలిపివేయడం. రెండూ ఆసుపత్రులలో నిత్యం వినిపించే మాటలే. జెట్స్ట్ అనే క్రియారూపం రెండో స్థానంలోనే వినిపించినా, మందు ఇవ్వాలా మానాలా అన్నది వాక్యం ముగిసేదాకా తేలదు.

ఈ వ్యాసంలో జర్మన్ మాటలన్నీ తెలుగు లిపిలో ఉచ్చారణకు దగ్గరగా ఇవ్వబడ్డాయి. తెలుగు లిపిలో సరిగా ఇమడని అచ్చులు జర్మన్‌లో కొన్ని ఉన్నందున వీటిని స్థూలమైన సంకేతాలుగా గ్రహించాలి.

2. విభాజ్య క్రియ స్వరూపం

జర్మన్‌లో ధాతువుకు ముందు చేరే అంశాలు రెండు తెగలు. ఫెర్, బె, ఎర్, ఎంట్, ట్సెర్, గె వంటివి ధాతువును ఎన్నడూ విడవవు. ష్టేయెన్ అంటే నిలబడడం. ఫెర్‌ష్టేయెన్ అంటే అర్థం చేసుకోవడం. ‘నాకు అర్థమవుతోంది’ అనడానికి ఇష్ ఫెర్‌ష్టేయె అంటారు. ఫెర్ ఎక్కడికీ పోదు. ఆన్, అప్, ఔఫ్, ఔస్, ఐన్, మిట్, ట్సు వంటివి రెండో తెగ. ఔఫ్‌ష్టేయెన్ అంటే నిద్ర లేవడం, పైకి లేవడం. ‘నేను ఆరింటికి లేస్తాను’ అనాలంటే ఇష్ ష్టేయె ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్ అనాలి.

ఈ రెండు తెగలనూ చెవి గుర్తుపట్టగలదు. విడిపోయే ఉపసర్గ మీద ఊనిక పడుతుంది. విడిపోనిదాని మీద పడదు, ధాతువు మీద పడుతుంది. ఒకే వర్ణక్రమం గల ఉమ్‌ఫారెన్ అనే క్రియ దీనికి తిరుగులేని నిదర్శనం. ఊనిక ఉమ్ మీద ఉంటే అది విభాజ్యం, అర్థం ‘వాహనంతో గుద్ది పడవేయడం’. ఊనిక ఫారెన్ మీద ఉంటే అది అవిభాజ్యం, అర్థం ‘తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లడం’. కాగితం మీద భేదం కనిపించని ఈ జంట డ్రైవింగ్ నేర్చుకునేవారికి పరస్పర విరుద్ధమైన ఆదేశాలిస్తుందని జర్మన్లే హాస్యమాడుకుంటారు.

ఉపసర్గ అర్థాన్ని బట్టి క్రియ అర్థాన్ని ఊహించడం అన్నివేళలా సాధ్యం కాదు. ఔఫ్ అంటే పైకి, హోరెన్ అంటే వినడం. ఔఫ్‌హోరెన్ అంటే మాత్రం మానివేయడం. తెలుగులో ‘పైకి వచ్చాడు’ అన్నప్పుడు మెట్లెక్కి వచ్చాడనీ కావచ్చు, జీవితంలో వృద్ధి చెందాడనీ కావచ్చు. కాబట్టి ఇటువంటి అర్థపరిణామం తెలుగు విద్యార్థికి వింత కాదు. వింతగా తోచేది స్థానమే.

3. కదిలేది ఏది?

పాఠ్యపుస్తకాలలో ఉండే సూత్రం ప్రకారం ఆన్‌జెట్సెన్ వంటి క్రియను తీసుకుని, రెండుగా విరిచి, ఉపసర్గను వాక్యం చివరికి పంపాలి. ఈ సూత్రంతో సరైన వాక్యాలు వస్తాయి. అయితే అది కారణం చెప్పదు. పైగా ఉపవాక్యం దగ్గరకు రాగానే చిక్కులో పడుతుంది. అక్కడ ఉపసర్గ, ధాతువు కలిసే ఉంటాయి. అప్పుడు విద్యార్థి ‘ఇక్కడ విరవకూడదు’ అని మరొక సూత్రం, భూతకాల కృదంతానికి ఇంకొకటి, తుమర్థకానికి వేరొకటి కంఠస్థం చేయవలసి వస్తుంది.

ఒకే సమాచారాన్ని భిన్న నిర్మాణాలలో పెట్టి చూస్తే పరిస్థితి స్పష్టమవుతుంది. ముందుగా ఉపవాక్యం. ఇందులో దస్ అనే సముచ్చయ పదం తెలుగులోని ‘అని’కి సమానం:

దస్ డేర్ ఆర్ట్స్ట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్‌జెట్స్ట్.

దీనికి తెలుగు ‘వైద్యుడు ఈరోజు మాత్రలు ఆపేస్తున్నారని’. కర్త, కాలం, కర్మ, క్రియ అనే వరుస రెండు భాషలలోనూ ఒక్కటే. తేడా ఒక్కటి: తెలుగులో ‘అని’ ఉపవాక్యం చివర వస్తుంది, జర్మన్‌లో దస్ మొదట వస్తుంది. క్రియ పూర్తిరూపంతో చివరనే ఉంది.

సహాయక క్రియ చేరినప్పుడు:

డేర్ ఆర్ట్స్ట్ విల్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్‌జెట్సెన్.

‘వైద్యుడు ఈరోజు మాత్రలు ఆపాలనుకుంటున్నారు’ అని దీని భావం. పురుష, వచన, కాలాలను తెలిపే విల్ రెండో స్థానంలో ఉంది. అర్థవంతమైన క్రియ ఉపసర్గతో సహా చివరన ఉంది. పూర్ణభూతంలోనూ ఇదే పద్ధతి:

డేర్ ఆర్ట్స్ట్ హాట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్‌గెజెట్స్ట్.

ఇక్కడ హాట్ రెండోచోట ఉంది. కృదంతం చివర ఉంది. గె అనే కృదంత చిహ్నం ఉపసర్గకూ ధాతువుకూ నడుమ చేరింది. తుమర్థక చిహ్నమైన ట్సు కూడా అదే సందులో చేరి అప్‌ట్సుజెట్సెన్ అవుతుంది. చివరగా ప్రధానవాక్యం:

డేర్ ఆర్ట్స్ట్ జెట్స్ట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్.

ఈ నాలుగింటినీ ఒకదాని కింద ఒకటి వ్రాసుకుంటే అప్ స్థానం ఎక్కడా మారలేదని కనిపిస్తుంది. నాలుగింటిలోనూ అది కర్మ తర్వాతనే ఉంది. చోటు మారినది జెట్స్ట్ ఒక్కటే. ప్రధానవాక్యంలో పురుష, వచన, కాలాలను మోసే సమాపకరూపం రెండో స్థానానికి రావాలన్నది జర్మన్ నియమం. విల్, హాట్ ఉన్నప్పుడు ఆ బాధ్యత వాటిది కనుక అవే రెండో స్థానంలో నిలుస్తాయి, అర్థక్రియ చివరనే కుదురుగా ఉంటుంది. అవి లేనప్పుడు సమాపకరూపం అర్థక్రియకే వస్తుంది, అదే ముందుకు పోతుంది. విభక్తి మార్పులేమీ పొందని అప్‌కు ముందుకు పోవలసిన పని లేదు. ధాతువు ఖాళీ చేసి వెళ్లిన చోటికి గుర్తుగా అది మిగిలిపోతుంది. ఈ దృష్టితో చూస్తే విభాజ్య క్రియలకని ప్రత్యేకమైన పదక్రమ సూత్రమేదీ అక్కరలేదు. సమాపక క్రియ రెండో స్థానంలో ఉండాలన్న ఒక్క నియమం సరిపోతుంది.

4. రెండో స్థానం అంటే ఏమిటి?

రెండో స్థానం అంటే రెండో పదం కాదు. ఎరిహ్ డ్రాహ్ 1937లో జర్మన్ వాక్యాన్ని క్షేత్రాలుగా విభజించి చూపాడు. నేటి వర్ణనల ప్రకారం సమాపక క్రియకు ముందున్నది పూర్వక్షేత్రం. అక్కడ ఒక్క పదబంధానికే చోటు. సమాపక క్రియ వాక్యబంధానికి ఎడమ అంచు. ఉపసర్గ, కృదంతం, తుమర్థకం వంటివి కుడి అంచు. రెంటి నడుమ ఉన్నది మధ్యక్షేత్రం. జర్మన్లు ఈ బంధాన్ని జాట్స్‌క్లామర్ అంటారు. క్లామర్ అంటే బిగించే పట్టీ.

పూర్వక్షేత్రంలోకి కర్తే రావాలని లేదు. కాలాన్ని ముందుకు తెస్తే, హొయ్టె జెట్స్ట్ డేర్ ఆర్ట్స్ట్ డీ టబ్లెట్టెన్ అప్ అవుతుంది. కర్త క్రియ వెనుకకు వెళ్లింది, క్రియ మాత్రం తన చోట అలాగే ఉంది. అవునా కాదా అన్న ప్రశ్నలో పూర్వక్షేత్రం ఖాళీగా ఉంటుంది: జెట్స్ట్ డేర్ ఆర్ట్స్ట్ హొయ్టె డీ టబ్లెట్టెన్ అప్? వాక్యం తలకిందులైనట్లు కనిపించినా కుడి అంచున అప్ చెక్కు చెదరలేదు.

ఉపవాక్యంలో క్రియ ఎందుకు ముందుకు రాదన్నది తరువాతి ప్రశ్న. దీనికి అందమైన సమాధానం డచ్ భాషావేత్త హాన్స్ డెన్ బెస్టెన్ రచనలలో లభిస్తుంది. ఉపవాక్యంలో దస్ కూర్చునే స్థానం, ప్రధానవాక్యంలో సమాపక క్రియ చేరే స్థానం ఒక్కటేనని ఆయన ప్రతిపాదించాడు. దస్ ఉన్నప్పుడు ఆ ఆసనం నిండిపోతుంది. క్రియ తన జన్మస్థానమైన చివరనే ఉండిపోతుంది. దస్ లేనప్పుడు క్రియ వెళ్లి ఆ ఆసనాన్ని ఆక్రమిస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి షరతు వాక్యాలు ఆధారం. వెన్ అంటే ‘అయితే, ఉంటే’ అనే చేదర్థాన్నిచ్చే పదం. ‘వైద్యుడు మాత్రలు ఆపేస్తే’ అనడానికి వెన్ డేర్ ఆర్ట్స్ట్ డీ టబ్లెట్టెన్ అప్‌జెట్స్ట్ అంటారు. అదే అర్థాన్ని వెన్ లేకుండానూ చెప్పవచ్చు. అప్పుడు జెట్స్ట్ డేర్ ఆర్ట్స్ట్ డీ టబ్లెట్టెన్ అప్ అవుతుంది. వెన్ తప్పుకోగానే దాని చోటిలోకి క్రియ వచ్చి కూర్చుంది. రెండూ కలిసి ముందు ఉండడం గానీ, రెండూ లేకపోవడం గానీ కుదరదు.

జర్మన్ మూలక్రమం క్రియాంతమేనన్న ఆలోచనను ఉత్పాదక వ్యాకరణ పద్ధతిలో ఎమ్మన్ బాక్ 1962లోనూ, మాన్‌ఫ్రెడ్ బీర్‌విష్ 1963లోనూ ప్రతిపాదించారు. జర్మన్‌కు దగ్గరి చుట్టమైన డచ్ విషయంలో యాన్ కోస్టర్ 1975లో ఇదే వాదం చేశాడు. ఆయన చూపిన ఆధారాలలో విభాజ్య క్రియల ఉపసర్గ స్థానం ముఖ్యమైనది. క్రియ ఎక్కడినుంచి బయలుదేరిందో ఉపసర్గ చూపిస్తుంది.

ఇంకొక విచిత్రమైన ఆధారం కూడా ఉంది. ఒక నాటకాన్ని లేదా సంగీతరచనను తొలిసారి ప్రదర్శించడాన్ని జర్మన్‌లో ఊర్‌ఔఫ్‌ఫ్యూరెన్ అంటారు. ఇందులో ధాతువుకు ముందు రెండు అంశాలున్నాయి. ఉపవాక్యంలోనూ, కృదంతంగానూ దీన్ని నిస్సంకోచంగా వాడతారు. ప్రధానవాక్యంలో దీన్నొక్కదాన్నే సమాపకంగా వాడమంటే మాత్రం చాలామంది జర్మన్ వక్తలు తడబడతారు. ఔఫ్ విడిపోవాలంటుంది, దానికి ముందున్న ఊర్ విడిపోనంటుంది. ఎలా విరిచినా, విరవకపోయినా చెవికి ఇంపుగా ఉండదు. వాక్యం చివరన హాయిగా ఉండి, ముందుకు రమ్మంటే రాలేని క్రియలు ఉన్నాయంటే, క్రియ సొంతచోటు చివరనేనని అంగీకరించక తప్పదు. ముందుస్థానమే మూలమైతే ఇటువంటి క్రియలకు అస్తిత్వమే ఉండకూడదు.

5. ఉపసర్గ ఎందుకు ధాతువుతో అతుక్కోలేదు?

క్రియ ముందుకు పోయిందన్నది ఒప్పుకున్నా, ఉపసర్గను వెంట ఎందుకు తీసుకుపోలేదన్నది మిగిలి ఉంటుంది. ఫెర్ వెంట వెళ్తుంది, అప్ వెళ్లదు. ఈ భేదానికి మూలం చరిత్రలో ఉంది.

సంస్కృత వ్యాకరణం తెలిసిన పాఠకులకు ఇది పరిచితమైన విషయమే. వేదభాషలో ఉపసర్గ ధాతువుకు దూరంగా, నడుమ ఇతర పదాలతో కనిపిస్తుంది. పాణిని అష్టాధ్యాయిలో 1.4.80 ఉపసర్గాదులు ధాతువుకు ముందుండాలని విధిస్తే, తరువాతి రెండు సూత్రాలు ఛందస్సులో అవి ధాతువు తర్వాత కూడా రావచ్చనీ, వ్యవధానంతోనూ ఉండవచ్చనీ అనుమతిస్తాయి. లౌకిక సంస్కృతంలో ఆ స్వేచ్ఛ పోయి ఉపసర్గ ధాతువుతో ఏకమైంది. అంటే ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఇవి మొదట దిక్కునో స్థలాన్నో తెలిపే స్వతంత్ర పదాలు. క్రమంగా ధాతువుకు దగ్గరై అతుక్కున్నాయి.

జర్మానిక శాఖలో ఈ అతుకు రెండు విడతలుగా జరిగిందనవచ్చు. ముందుగా అతుక్కున్న బె, ఫెర్ వంటివి ఊనిక కోల్పోయి అరిగిపోయి నేడు విడిగా నిలవలేని అంశాలయ్యాయి. ఆ దశలో కూడా అతుకు పూర్తిగా బిగియలేదనడానికి గోతిక్ సాక్ష్యం ఉంది: అక్కడ గ అనే ఉపసర్గకూ క్రియకూ నడుమ ఉ అనే ప్రశ్నార్థక నిపాతం దూరగలిగేది. అప్, ఆన్, ఔఫ్ వంటివి ఆలస్యంగా క్రియను చేరాయి. నేటికీ వాటికి సొంత ఊనిక ఉంది, విభక్త్యర్థకాలుగా సొంత జీవితమూ ఉంది. కనుక జెట్స్ట్ కదిలినప్పుడు దానిలో భాగమని చెప్పదగినంతగా అవి అతుక్కోలేదు. నిఘంటువులోనూ, లిపిలోనూ ఒకే పదంగా వ్రాయడం వలన అప్‌జెట్సెన్ ఏకపదమన్న భ్రమ కలుగుతుంది. వాక్యనిర్మాణం దృష్టితో అది పక్కపక్కనే నిలబడిన రెండు పదాలు. విద్యార్థిని తప్పుదారి పట్టించడంలో అచ్చు అలవాటుకూ ఇందులో కొంత పాత్ర ఉందనాలి.

తెలుగులో దీనికి సమీపంగా నిలిచేది ‘ఫోన్ చేయు’ వంటి మిశ్రక్రియ. అర్థం ఒక్కటే అయినా ‘ఫోన్ కూడా చేయలేదు’, ‘ఫోనే చేయడు’ అన్నప్పుడు నిపాతం నడుమ చేరుతుంది. కాలం, పురుష చేరేది ‘చేయు’కే. ‘ఫోన్’ మార్పు లేకుండా ఉంటుంది. తెలుగులో సమాపక క్రియను ముందుకు లాగే నియమం లేదు కాబట్టి ఈ జంట దూరంగా విడిపోదు. ఆ నియమమే తెలుగుకు ఉండి ఉంటే, ‘అతను చేశాడు నిన్న బాన్సువాడ నుంచి అమ్మకు ఫోన్’ అనడం తప్పనిసరి అయ్యేది. జర్మన్ విభాజ్య క్రియ పరిస్థితి సరిగా ఇదే.

6. తెలుగు విద్యార్థి: అనుకూలత, పొరపాట్లు

జర్మన్‌కూ తెలుగుకూ వ్యాకరణ పరిచయం నేటిది కాదు. బెంజమిన్ షుల్ట్సె అనే జర్మన్ మిషనరీ 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం వ్రాశాడు. ఉపవాక్యంలో క్రియను చివర పెట్టే అలవాటున్న భాష నుంచి వచ్చిన అతనికి అన్నివేళలా క్రియను చివర పెట్టే భాష ఎదురైంది. నేటి నర్సు ప్రయాణం దీనికి ఎదురుదిశలో సాగుతోంది.

ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు మాతృభాషలుగా గల వలస కార్మికులు జర్మన్ నేర్చుకున్న తీరును మైజెల్, క్లాహ్‌జెన్, పీనెమాన్ పరిశీలించారు. వారు మొదట కర్త, క్రియ, కర్మ అనే వరుసతో మొదలుపెట్టి, తరువాత ఉపసర్గను, కృదంతాన్ని చివర పెట్టడం నేర్చి, ఆపై కర్తను క్రియ వెనుకకు పంపడం నేర్చి, ఉపవాక్యంలో క్రియను చివర ఉంచడం అన్నిటికంటే ఆలస్యంగా గ్రహించారని తేల్చారు. ఆ భాషలలో క్రియ సాధారణంగా కర్మకు ముందుంటుంది. దానికి భిన్నంగా, క్రియాంత భాషలైన టర్కిష్, కొరియన్ మాట్లాడేవారు తొలిదశలోనే క్రియను చివర పెడుతున్నారని వైనిక్కా, యంగ్-షోల్టెన్ 1994లో చూపారు. తెలుగు కూడా క్రియాంతమే కనుక తెలుగువారికీ ఉపవాక్యక్రమం సులభంగా పట్టుబడాలని ఊహించడం సమంజసం. అయితే ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. తెలుగు విద్యార్థి జర్మన్‌ను సాధారణంగా ఇంగ్లీషు మాధ్యమంలో, ఇంగ్లీషు పాఠ్యపుస్తకంతో నేర్చుకుంటాడు. తన భాషలోనే ఉన్న క్రమాన్ని పక్కనపెట్టి, ఇంగ్లీషు వరుస మీద సవరణలుగా జర్మన్‌ను అర్థం చేసుకుంటాడు. ఇది దగ్గరి దారి వదిలి చుట్టు తిరగడమే.

పొరపాట్లలో నాలుగు రకాలు గమనించదగినవి. ‘రేపు నీకు ఫోన్ చేస్తాను’ అనడానికి ఇష్ రూఫె డిష్ మొర్గెన్ ఆన్ సరైన రూపం. ఇష్ ఆన్‌రూఫె డిష్ మొర్గెన్ అంటే, క్రియతో పాటు ఉపసర్గనూ ముందుకు ఈడ్చుకుపోయారన్న మాట. చివరి ఆన్ మరచి ఇష్ రూఫె డిష్ మొర్గెన్ అంటే అది మరొక వాక్యమవుతుంది: రూఫెన్ అంటే పిలవడం కనుక ‘రేపు నిన్ను పిలుస్తాను’ అని వినిపిస్తుంది. ఇది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే వ్యాకరణం ఎక్కడా తప్పినట్లు కనిపించదు. మూడోది అతివ్యాప్తి: వైల్ అనే హేత్వర్థక పదం తర్వాత కూడా రెండుగా విరిచి, వైల్ ఇష్ రూఫె డిష్ మొర్గెన్ ఆన్ అంటారు. వైల్ ఆసనం ఆక్రమించి ఉన్నందున క్రియ చివరనే ఉండి వైల్ ఇష్ డిష్ మొర్గెన్ ఆన్‌రూఫె కావాలి. ఉపసర్గ చివరికి పోవాలన్న సూత్రాన్ని శ్రద్ధగా కంఠస్థం చేసినవారే ఈ తప్పు చేస్తారు. నాలుగోది కృదంతంలో గె చిహ్నాన్ని పదానికి ముందు పెట్టడం. అది ఆన్‌గెరూఫెన్ అని నడుమ రావాలి.

ఈ తప్పులకు విరుగుడుగా వాక్యాన్ని తెలుగు వరుసలో మొదలుపెట్టే పద్ధతి తరగతిలో పనికివస్తుంది. ‘బస్సు ఆరింటికి బాన్సువాడలో బయలుదేరుతుంది’ అన్న వాక్యం తీసుకుందాం. బయలుదేరడానికి క్రియ అప్‌ఫారెన్. మొదట దీన్ని తెలుగు వరుసలోనే, ముందు దస్ చేర్చి ఉపవాక్యంగా కూర్చాలి:

దస్ డేర్ బుస్ ఉమ్ జెక్స్ ఊర్ ఇన్ బాన్సువాడ అప్‌ఫేర్ట్.

ఇప్పుడు దస్‌ను తొలగించాలి. దాని ఆసనం ఖాళీ అయింది. చివరనున్న అప్‌ఫేర్ట్‌లో పురుషను, కాలాన్ని తెలిపే భాగం ఫేర్ట్. అది ఒక్కటే ఆ ఆసనానికి వెళ్తుంది. దాని ముందు పూర్వక్షేత్రంలో ఏదో ఒక పదబంధం నిలవాలి. కర్తను నిలిపితే:

డేర్ బుస్ ఫేర్ట్ ఉమ్ జెక్స్ ఊర్ ఇన్ బాన్సువాడ అప్.

కాలాన్ని నిలిపితే ఉమ్ జెక్స్ ఊర్ ఫేర్ట్ డేర్ బుస్ ఇన్ బాన్సువాడ అప్ అవుతుంది. ఉపసర్గను ఎక్కడ ఉంచాలని విద్యార్థి ఒక్కసారి కూడా ఆలోచించవలసిన అవసరం రాలేదు. దాన్ని ముట్టుకోలేదు గనుక అది ఉన్నచోటే ఉంది.

రెండు క్రియలు చివర చేరే ఉపవాక్యాలలోనూ తెలుగు వరుసే తోడ్పడుతుంది. ‘ఆపాలనుకుంటున్నారని’ అన్నప్పుడు ఆపడం ముందు, అనుకోవడం తర్వాత. జర్మన్‌లోనూ దస్ డేర్ ఆర్ట్స్ట్ డీ టబ్లెట్టెన్ అప్‌జెట్సెన్ విల్ అంటూ అదే వరుస.

7. పరిమితులు

ఉపసర్గ ‘వాక్యం చివర’ ఉంటుందన్న మాటను అక్షరాలా తీసుకోకూడదు. అది వాక్యబంధానికి కుడి అంచు మాత్రమే. దాని తర్వాత ఉత్తరక్షేత్రం ఒకటుంది. ఉపవాక్యాలు సాధారణంగా అందులోకి పోతాయి. ‘బాన్సువాడ చేరగానే ఫోన్ చేస్తాను’ అనడానికి ఇష్ రూఫె డిష్ ఆన్, వెన్ ఇష్ ఇన్ బాన్సువాడ బిన్ అంటారు. ఆన్ తర్వాత పూర్తి ఉపవాక్యం ఉంది. దాన్ని నడుమ ఇరికించి ఆన్‌ను మరీ చివరకు నెట్టడం తప్పు కాకపోయినా బరువైన శైలి అవుతుంది. అరుదుగా, విరోధం చూపడానికో కవితాధోరణికో ఉపసర్గే పూర్వక్షేత్రంలోకి రావడమూ ఉంది: ఔఫ్ గేట్ డీ జొన్నె అంటే ‘ఉదయించాడు సూర్యుడు’ వంటిది. ఒంటరిగా అంతదూరం రాగలిగిందంటే అది పదమేనన్న వాదానికి ఇదీ బలమే.

జర్మన్ మూలక్రమం క్రియాంతమన్న సిద్ధాంతాన్ని అన్ని సంప్రదాయాలూ ఇదే మాటలలో అంగీకరించవు. క్రియ నిజంగా ‘కదులుతుంది’ అనకుండా, వాక్యంలో రెండు క్రియాస్థానాలున్నాయని మాత్రమే చెప్పే వర్ణనలు ఉన్నాయి. తరగతి గదికి రెండూ ఒకే ఫలితాన్నిస్తాయి: ఉపసర్గ స్థానం స్థిరం, సమాపకరూపానిదే మార్పు.

వినడంలో మాత్రం సిద్ధాంతజ్ఞానం ఒక్కటే చాలదు. మధ్యక్షేత్రం ఎంతైనా పెరగవచ్చు. నాలుగో గదిలోని రోగికి, ఈరోజు మధ్యాహ్నం నుంచి, రక్తపోటు మాత్రలను అంటూ వైద్యుడు చెప్పుకుపోతుంటే జెట్స్ట్‌కూ అప్‌కూ మధ్య పది పన్నెండు పదాలు చేరతాయి. అంతవరకూ అర్థాన్ని నిర్ణయించకుండా వేచి ఉండడం నేర్వాలి. ఈ ఓర్పు తెలుగు చెవికి సహజంగానే ఉంది. ‘నాలుగో గదిలో పేషెంటుకు మధ్యాహ్నం మాత్రలు ఇవ్వ’ అన్నంతవరకూ విని, చివరి ‘మన్నారో’ ‘వద్దన్నారో’ తేలేదాకా తెలుగు శ్రోత ఎలాగూ ఆగుతాడు. ఇంగ్లీషు క్రమంలో అర్థం వెతికే అలవాటుతో జెట్స్ట్ దగ్గరే నిర్ణయానికి వస్తే ఆ ఓర్పు దెబ్బతింటుంది.

వార్డు దినచర్యలో ఈ భేదం మరొక చోట కూడా ఎదురవుతుంది. రోగి పత్రంలో వైద్యుడు వ్రాసే ఆదేశాలు తరచు తుమర్థక రూపంలో ఉంటాయి: టబ్లెట్టెన్ అప్‌జెట్సెన్ అని. సమాపక క్రియ లేనందున అక్కడ ఏదీ ముందుకు పోదు, ఉపసర్గ ధాతువును వీడదు, నిఘంటువులో ఉన్న రూపమే కాగితం మీద కనిపిస్తుంది. అదే ఆదేశం మంచం పక్కన నోటితో చెప్పినప్పుడు రెండుగా చీలి వినిపిస్తుంది. పత్రంలో తేలికగా చదివిన మాటనే చెవితో పట్టుకోలేకపోవడానికి కారణం పదసంపద కొరత కాకపోవచ్చు. రెండో స్థానంలో వినిపించిన జెట్స్ట్‌నూ, చివర వినిపించిన అప్‌నూ తిరిగి ఒకే చోట చేర్చుకునే అభ్యాసం లేకపోవడం కావచ్చు. శిక్షణలో ఆ క్రియలను జాబితాలుగా కాక, ఇటువంటి జంటలుగా, వ్రాతలో ఒకసారి, వినికిడిలో ఒకసారి పరిచయం చేయడం అవసరం.